జీతం పెంచమంటే "చూద్దాం" అన్నారు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైడిభీమవరం చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రకారు ఏటా ఏప్రిల్, మే నెలల్లో నన్ను అడిగే ప్రశ్నలివి. అక్కడే ఒక ప్లాంటులో పద్నాలుగేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఇంక్రిమెంటు లెటర్లు కవర్లలో పెట్టి పంచింది నేనే. "చూద్దాంలే" అని పంపించేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు విజయనగరంలో చిన్న ఆఫీసు పెట్టుకుని పీఎఫ్, ఈఎస్‌ఐ లెక్కలు చూస్తున్నాను.

జవాబుల్లో ఎక్కువగా ఒక అబ్బాయి సంగతే వస్తుంది, కింద "మా అబ్బాయి" అన్నది అతన్నే. రణస్థలం దగ్గర పల్లెటూరు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబులో నాలుగేళ్ల సర్వీసు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, లెక్కలు మాత్రం అలాగే ఉంచాను. అతని గ్రాస్ జీతం 19,800. అడిగింది 26,000. వచ్చింది అందరికీ వచ్చిన ఆరు శాతం, అంటే 20,988. ఎందుకని అడిగితే మేనేజరు చెప్పింది ఇదీ: "నీ పని బాగానే ఉంది. కానీ ఇంకా ఓనర్‌షిప్ కనిపించాలి. పైగా ఈసారి బడ్జెట్ టైటు. నీ టైం వస్తుంది, చూద్దాం."

ఇంతకీ పెంచనన్నట్టా, తర్వాత పెంచుతానన్నట్టా?

ఇప్పటికి పెంచనన్నట్టే. తర్వాత సంగతి ఆ మాటల్లో లేదు. మనం ఆశపడి "చూద్దాం"లో "చేద్దాం" వింటాం. ఈ అబ్బాయి కూడా ఇంటికెళ్లి "వచ్చే ఏడు ఇస్తామన్నారమ్మా" అని చెప్పేశాడు. వాళ్లమ్మ "ఎంతిస్తానన్నారేటి?" అని అడిగేదాకా, అంకె గానీ నెల గానీ ఎవరూ చెప్పలేదన్న సంగతి అతనికి తట్టలేదు.

అసలు కారణం సూటిగా ఎందుకు చెప్పరు?

నా అనుభవంలో మూడు రకాలు. మొదటిది, ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో ఏమీ ఉండదు. చాలా ప్లాంట్లలో జనవరి, ఫిబ్రవరిల్లోనే డిపార్టుమెంటు మొత్తానికి ఇంత శాతం అని పైనుంచి ఒక అంకె వస్తుంది. డిపార్టుమెంటు హెడ్డు, అంటే హెచ్‌ఓడీ, దాన్ని తన మనుషులకు పంచి షీటు పంపుతాడు. ప్లాంటు హెడ్డు, ఆ పైన హైదరాబాదులో కార్పొరేట్ హెచ్‌ఆర్ సంతకం పెడతారు. లెటరు మీ చేతికొచ్చేసరికి డబ్బు పంచేసి రెండు నెలలవుతుంది. అప్పుడు అడిగితే "నా చేతిలో లేదు" అనడానికి మనిషికి మొహమాటం, అందుకని "ఓనర్‌షిప్" అంటాడు. నేను చేసిందీ అదే. పాతికమంది ఉన్న డిపార్టుమెంటులో ఒకడికి ఎక్కువ ఇవ్వాలంటే ఇద్దరి దగ్గర కొయ్యాలి. ఆ మాట మొహం మీద చెప్పలేక ఏదో ఇంగ్లీషు మాట అడ్డం పెట్టేవాణ్ణి.

రెండోది, కారణం ఉంటుంది గానీ చెప్పడానికి ఇబ్బంది. ల్యాబులో పొరపాటు జరిగిందని ఎప్పుడో మీ పేరున రాసిన ఇన్సిడెంటు కావచ్చు, షిఫ్టు అప్పగించేటప్పుడు జరిగిన గొడవ కావచ్చు. మూడోది, మేనేజరుకే తెలియదు. మీ గురించి ఆయన పెద్దగా ఆలోచించి ఉండరు. వినడానికి కష్టంగా ఉన్నా, ఈ మూడింటిలో తేలిగ్గా సరిచేసుకోగలిగింది ఇదే.

ఈ మూడింటిలో మీది ఏదో తెలుసుకోవడమే తర్వాతి మాటల పని. డబ్బు అడగడం ఆ తర్వాత.

ఆ రోజు రాత్రి ఏం చెయ్యాలి?

కంపెనీ బస్సెక్కగానే పక్కసీటువాడికి చెప్పకండి. పైడిభీమవరంలో ఎక్కిన మాట విజయనగరంలో బస్సు ఆగేలోపు "వాడు మానేస్తున్నాడట" అయి దిగుతుంది. మర్నాడు అది మీ హెచ్‌ఓడీ చెవిన పడుతుంది.

ఇంటికి చేరాక, వాళ్లు అన్న మాటలు అన్నవి అన్నట్టుగా ఒక కాగితం మీద రాయండి. "నన్ను తక్కువ చేశారు" అనేది మీ బాధ, అది వేరే రాసుకోండి. "ఇంకా ఓనర్‌షిప్ కనిపించాలి" అన్నది వాళ్ల మాట. ఒక్క రాత్రి గడిస్తే ఈ రెండూ కలిసిపోతాయి. వారం పోయాక "నువ్వు పనికిరావు అన్నారు" అని గుర్తుంటుంది, నిజానికి ఎవరూ అలా అనలేదు. మా అబ్బాయి కాగితంలో నాలుగే వాక్యాలున్నాయి. వాటిలో రెండు అతని గురించి, ఒకటి డబ్బు గురించి, ఒకటి గాలిమాట. అలా విడదీసి చూశాకే అతనికి కాస్త ఊపిరాడింది.

ఇంట్లో మాత్రం అంకె చెప్పెయ్యండి. నెలకు 26,000 వస్తుందనుకుని బండి వాయిదా, చెల్లి ఫీజు లెక్క వేసుకుని ఉంటారు. ఎక్కువ కుంగదీసేది చాలాసార్లు మేనేజరు మాట కాదు, ఇంట్లోవాళ్లకు చెప్పిన మాట తప్పడం. "20,988 వచ్చింది, మిగతాది వచ్చే ఏప్రిల్ దాకా లేదు" అని చెప్పేస్తే ఆ బరువు ఆ పూటతో దిగుతుంది. చెప్పకపోతే పండగ పండగకీ అబద్ధం పెరుగుతుంది.

పని మీద మనసు నిలవడం లేదు. ఇచ్చినంతకే చేస్తే తప్పేంటి?

తప్పొప్పుల సంగతి నేను చెప్పను. ల్యాబులో ఏం జరుగుతుందో చెబుతాను. మనసు బాగాలేని మనిషి నైట్ షిఫ్టులో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం దగ్గర కూర్చుంటే డైల్యూషన్ తప్పుతుంది, వయల్ స్థానం మారుతుంది, లాగ్‌బుక్కులో టైము రాయడం మరుస్తాడు. రిజల్టు స్పెసిఫికేషన్ దాటితే ఓఓఎస్ ఎంక్వైరీ తెరుస్తారు. అందులో "అనలిస్టు పొరపాటు" అని తేలితే అది మీ పేరున కాగితం మీద ఉంటుంది, మళ్లీ ట్రైనింగు ఇస్తారు. వచ్చే మార్చిలో షీటు నింపేటప్పుడు హెచ్‌ఓడీకి ఇక గాలిమాట అక్కర్లేదు, చూపించడానికి కాగితమే ఉంటుంది.

అందుకని తగ్గించుకోదలిస్తే అదనంగా నెత్తినేసుకున్నవి తగ్గించండి: పక్కవాడి పెండింగు శాంపిళ్లు, సెలవురోజు పిలవగానే పరిగెత్తడం. మీ సొంత శాంపిలు మీద జాగ్రత్త మాత్రం తగ్గించకండి. ఆ మొదటి రెండు వారాలు వీలైతే షిఫ్టు మార్చుకుని నైటు తప్పించుకోండి. నిద్ర లేకపోతే కోపం పదింతలవుతుంది. నెల దాటినా నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే అది ఇంక్రిమెంటు గొడవ దాటిపోయినట్టే, డాక్టరుకు చూపించుకోవాలి.

మళ్లీ ఎప్పుడు వెళ్లి మాట్లాడాలి?

రెండుసార్లు వెళ్లాలి, రెంటికీ పని వేరు. మొదటిది వారం, పది రోజుల్లో. అందులో డబ్బు ఊసెత్తకూడదు, కారణం తేల్చుకోవడం ఒక్కటే. రెండోది డిసెంబరులో, అంటే పైనుంచి శాతం రాకముందు, షీటు ఖాళీగా ఉన్నప్పుడు. మే నెలలో ఎంత బాగా వాదించినా పంచేసిన డబ్బు వెనక్కి రాదు. ఏప్రిల్‌తో లెక్క మొదలుపెట్టని కంపెనీ అయితే, కిందటేడు అప్రైజల్ ఫారాలు ఏ నెలలో పంచారో గుర్తుచేసుకుని దానికి రెండు నెలల ముందు వెళ్లండి.

మొదటిసారి వెళ్లేముందు "సార్, పదిహేను నిమిషాలు కావాలి, ఇంక్రిమెంటు మార్చమని కాదు" అని చెప్పండి. ఆ చివరి ముక్క చెప్పకపోతే ఆయన ముందే తలుపులు మూసుకుని కూర్చుంటారు.

సరే, వెళ్లాను. ఏం అడగాలి?

గాలిమాటను లెక్కపెట్టగలిగే మాటగా మార్చేదాకా అడగాలి. మా అబ్బాయి మాటలు దాదాపు ఇలా సాగాయి.

"సార్, ఓనర్‌షిప్ కనిపించాలన్నారు కదా. కిందటేడు నేను చేసిన పనుల్లో అది కనిపించని సందర్భం ఒకటి చెప్తారా?"

"అలాగని ఏమీ లేదయ్యా, ఓవరాల్‌గా."

"అర్థమైంది సార్. పోనీ మన ల్యాబులో ఎవరి పనిలోనైనా అది కనిపించిందా? ఏం చేస్తే మీకు అలా అనిపించింది?"

ఇక్కడ మేనేజరు కాసేపు ఆగాడట. తర్వాత చెప్పాడు: ఫలానా సీనియరు కొత్త మెథడ్ ట్రాన్స్‌ఫర్, అంటే బయటి ల్యాబు పరీక్ష పద్ధతిని మన ల్యాబులో పెట్టే పని, మొత్తం ఒక్కడే నడిపాడు, ఆడిటర్లు అడిగితే తనే జవాబిచ్చాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు: "నీ పేరున రెండు ఇన్సిడెంట్లున్నాయి. రెండూ రాతలో పొరపాట్లే. కానీ షీటు పైకి పంపితే అవే కనిపిస్తాయి."

నాలుగేళ్లలో ఆ రెండు కాగితాలు తన ఇంక్రిమెంటు దాకా వచ్చాయని అతనికి తెలియనే తెలియదు. బడ్జెట్టూ కాదు, ఓనర్‌షిప్పూ కాదు. పైన నేను చెప్పిన రెండో రకం.

గమనించండి, అతను "ఎందుకివ్వలేదు?" అని అడగలేదు. అలా అడిగితే ఎదుటి మనిషి తన నిర్ణయాన్ని కాపాడుకోవడానికే చూస్తాడు. ఒక సందర్భం చెప్పమంటే గుర్తుచేసుకోవాల్సొస్తుంది. ఆయన చెప్పలేకపోతే మూడో రకమని తెలుస్తుంది. "నేను రాసి పంపిన పేరు పైన ఆగింది" అంటే మొదటి రకం. అప్పుడు "పైన ఎవరు చూస్తారు సార్, వాళ్లు ఏం చూస్తారు?" అని అడగండి.

చివరగా ఒక్క ప్రశ్న: "డిసెంబరులోపు ఏమేం పూర్తిచేస్తే నా పేరు మీరు పైకి రాస్తారు?" అతనికి మూడు చెప్పారు. ఒక మెథడ్ ట్రాన్స్‌ఫర్ సొంతంగా పూర్తిచెయ్యాలి, ఇద్దరు కొత్త అనలిస్టులను క్వాలిఫై అయ్యేలా తయారుచెయ్యాలి, రాతపొరపాటు ఇన్సిడెంటు ఒక్కటీ ఉండకూడదు.

ఇవన్నీ నోటిమాటలే కదా. రాసిమ్మంటే కోప్పడరా?

రాసిమ్మనకండి, మీరే రాయండి. ఆ సాయంత్రమే చిన్న మెయిలు: టైం ఇచ్చినందుకు థాంక్స్, నాకు అర్థమైన మూడు పనులు ఇవి, డిసెంబరు మొదటివారంలో మళ్లీ కలుస్తాను, ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి. ఐదు లైన్లు చాలు. "మీరు మాటిచ్చారు" అన్న ముక్క రాయొద్దు, ఆయన ఇవ్వలేదు. చాలామంది మేనేజర్లు జవాబివ్వరు, ఫర్వాలేదు. ఈ మెయిలు ఎక్కువగా పనికొచ్చేది మధ్యలో మేనేజరు మారినప్పుడు. ఈ ప్లాంట్లలో అది మామూలే. కొత్తాయనకు పాత మాటలేవీ తెలియవు, మెయిలు ఫార్వర్డ్ చేస్తే తెలుస్తాయి.

రుజువులు ఎలా దాచుకోవాలి? ఫొటోలు తీసుకోవచ్చా?

వద్దు. క్రొమాటోగ్రాము గానీ, బ్యాచ్ రికార్డు గానీ ఫోనులో దొరికితే ఇంక్రిమెంటు సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే పోతుంది. ఇంటి దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రోడక్టు పేర్లు, బ్యాచ్ నంబర్లు రాయకుండా నెలకు నాలుగు లైన్లు: ఎన్ని శాంపిళ్లు విడుదల చేశాను, ఎన్ని మళ్లీ చెయ్యాల్సొచ్చింది, ఎవరికి ఏం నేర్పాను, ఏ ఆడిట్‌లో కూర్చున్నాను. "బాగా కష్టపడ్డాను" అని మేనేజరు పైకి రాయలేడు. "ఎనిమిది నెలల్లో రాతపొరపాటు సున్నా, ఇద్దరు క్వాలిఫై అయ్యారు" అన్నది యథాతథంగా షీటులో ఎక్కించగలడు. షీటులో ఆయన మాటలకుండే చోటు ఒకే ఒక్క గడి.

ఈసారి ఎంత అడగాలి?

ఇక్కడ చాలామంది దెబ్బతింటారు కాబట్టి నెమ్మదిగా చెబుతాను. నెల జీతం 21,000 వరకు ఉంటేనే ఈఎస్‌ఐ. ఆ గీత చూడటానికి ఓవర్‌టైము కలపరు. మీ వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నల వైద్యం కూడా అందులోనే నడుస్తుంది. గీత దాటితే అదంతా పోతుంది.

మా అబ్బాయి 20,988 దగ్గరున్నాడు, గీతకు పన్నెండు రూపాయలు తక్కువ. బేసిక్ సుమారు 10,500. పీఎఫ్ 1,260, ఈఎస్‌ఐ 158, వృత్తిపన్ను 200 పోగా చేతికి 19,370. ఇప్పుడు మేనేజరు దయతలచి 21,500 చేశారనుకోండి. బేసిక్ 10,750 అయితే పీఎఫ్ 1,290, ఈఎస్‌ఐ లేదు, చేతికి 20,010. పెరిగింది 640 రూపాయలు. ఆ 640కి వాళ్లమ్మ సుగరు మందులు, పరీక్షలు, రేపు ఆసుపత్రిలో చేరాల్సొస్తే ఆ ఖర్చు, అన్నీ సొంత జేబు మీద పడ్డాయి. బయట పాలసీ తీసుకున్నా ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగు పెట్టొచ్చు. లెటరు చూసి స్వీట్లు పంచినవాళ్లు జూన్‌లో నా దగ్గరకొచ్చి "ఏటండి, జీతం పెరిగి నష్టపోయాను" అనడం నాకు కొత్త కాదు.

అందుకని గీత దాటేటప్పుడు గట్టిగా దాటాలి. అతను 24,000 అడగాలని లెక్కేసుకున్నాం. బేసిక్ 12,000, పీఎఫ్ 1,440, వృత్తిపన్ను 200, చేతికి 22,360. నెలకు 2,990 పెరుగుతుంది. అందులోంచి తల్లిదండ్రుల పాలసీకి పక్కన పెట్టుకోవచ్చు. దాంతోపాటు డబ్బు కాని ఒక ప్రశ్న కూడా సిద్ధం చేసుకోమన్నాను: కంపెనీ గ్రూపు పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకోనిస్తారా, ప్రీమియం నేనే కడితే? "బడ్జెట్ టైటు" అన్న మేనేజరు కూడా దీనికి అవుననగలడు, ఆయన డబ్బు కాదు కాబట్టి.

తేదీ కూడా చూసుకోండి. ఈఎస్‌ఐ చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మధ్యలో జీతం గీత దాటితే ఆ కాలం చివరిదాకా చందా, కవరేజీ కొనసాగుతాయి. ఏప్రిల్ ఒకటి నుంచే పెరిగితే అప్పుడే చందా ఆగిపోతుంది. అప్పటికే కట్టిన చందాల మీద వైద్యం ఇంకెన్నాళ్లు దొరుకుతుందో మీ డిస్పెన్సరీలో అడగండి.

ఇంకోమాట. పెంపు ఎంతో చెప్పినప్పుడు అది గ్రాసా, సీటీసీయా అని అడగండి. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపి చూపిస్తారు. సీటీసీలో రెండు వేలంటే చేతికి రెండు వేలు రావు.

నాకంటే జూనియరుకి ఎక్కువ ఇచ్చారు. ఆ మాట అనొచ్చా?

అనకండి. మీకెలా తెలిసిందన్న గొడవ మొదలై మీ సంగతి పక్కకు పోతుంది. పైగా వేరే కంపెనీ నుంచి కొత్తగా చేరినవాళ్లు ఆ రోజు మార్కెట్ రేటుకు వస్తారు, పాతవాళ్లు శాతాల మీద పెరుగుతారు. మీ పని మీద కోపంతో జరిగింది కాదది. మార్కెట్ మాట ఎత్తాలంటే "నాలుగేళ్ల అనుభవానికి బయట ఇంత పలుకుతోంది" అనండి, మనిషి పేరు ఎత్తకండి.

వేరే ఆఫరు చూపించి బెదిరిస్తే?

నిజంగా వెళ్లిపోగలిగితేనే. లేని ఆఫరు ఉందన్నవాణ్ణి "సరే, వెళ్లు" అన్న మేనేజర్లను చూశాను, తర్వాత ఆ కుర్రాడు ఏడాదిపాటు తలెత్తలేదు. కానీ ఇంటర్వ్యూకు వెళ్లడం మంచిదే. ఆదివారం విశాఖలో వాక్-ఇన్‌కు వెళ్లొస్తే మీ రేటు మీకు తెలుస్తుంది, "నేను పనికిరానేమో" అన్న దిగులు కూడా వదులుతుంది. మా అబ్బాయికి హైదరాబాదులో 28,000 అన్నారు. రూము, తిండి, రాకపోకలు లెక్కేస్తే నెలకు పది వేలు దాటింది. ఇంట్లో తిని కంపెనీ బస్సెక్కే మనిషికి 24,000 అంతకంటే ఎక్కువ. ఇదే లెక్క విశాఖ దగ్గరి పరవాడకైతే వేరేగా తేలుతుంది. మీది మీరు వేసుకోండి. వెళ్లేముందు అపాయింట్‌మెంట్ లెటరు తీసి నోటీసు ఎన్ని రోజులో, బాండు ఏమైనా ఉందో చూడండి.

డిసెంబరులో వెళ్లాను. మళ్లీ "చూద్దాం" అంటే?

మూడు పనులూ పూర్తయ్యాక కూడా కొత్తగా నాలుగోది చెబితే, లేదా మే నెలలో మాట్లాడిన సంగతే గుర్తులేదంటే, మీ ప్రశ్నకు జవాబొచ్చేసింది. ఇక అక్కడ మూడోసారి అడగొద్దు. నోటీసు లెక్క, ఇంటర్వ్యూల లెక్క చూసుకోండి. ఒకటో రెండో మిగిలుంటే మాత్రం ఏ తేదీకి పూర్తవుతాయో మీరే చెప్పి, షీటు వెళ్లేముందు మరోసారి కలవండి.

మా అబ్బాయికి డిసెంబరు నాటికి మెథడ్ ట్రాన్స్‌ఫర్ అయిపోయింది. ఇన్సిడెంట్లు లేవు. కొత్త అనలిస్టుల్లో ఒకరు క్వాలిఫై అయ్యారు, రెండోవాడు మధ్యలో మానేశాడు. ఆ సంగతి దాచకుండా చెప్పమన్నాను, చెప్పాడు. 24,000 అడిగితే ఏప్రిల్‌లో 23,500 వచ్చింది. గ్రూపు పాలసీలో తల్లిదండ్రులకు చోటు లేదన్నారు. చేతికి 21,890, అంటే పాతదానిమీద 2,520 ఎక్కువ. అందులో కొంత అమ్మానాన్నల పాలసీకి పోతోంది, సుగరుకు వెయిటింగు ఇంకా నడుస్తోంది. లెటరు అందుకున్న సాయంత్రం ఫోను చేసి మొదట చెప్పింది జీతం సంగతి కాదు. "సార్, ఈసారి షీటులో నా గురించి ఏం రాశారో చూపించారు" అన్నాడు.